వంద ఎంబీపీఎస్ ఉంది, ఆట మాత్రం తడబడుతోంది

హనుమకొండలో మా అక్కావాళ్ల ఇంట్లో ఒక ఆదివారం సాయంత్రం. మేనల్లుడు బల్ల మీద పాత లాప్‌టాప్ పెట్టుకుని, చేతిలో కంట్రోలర్ పట్టుకుని, తెరను కాక గోడను చూస్తున్నాడు. అలిగాడన్నమాట.

"మామా, మన నెట్టు వంద ఎంబీపీఎస్. ఫోన్ల స్పీడ్ టెస్టు కొడితే తొంభై రెండు చూపెడ్తున్నది. గానీ నేను బ్రేక్ ఒత్తినంక కారు గోడకు గుద్ది, అప్పుడు బ్రేక్ పడ్తున్నది" అన్నాడు.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. స్పీడు ఉంది, ఆట లేదు. ఆ సాయంత్రం మేం ఏం కొలిచాం, ఏం మార్చాం, దేన్ని మార్చలేక వదిలేశాం అన్నది వరసగా చెబుతాను. మీ ఇల్లు కాజీపేటలో ఉన్నా నయీంనగర్ హాస్టల్లో ఉన్నా ఇదే వరసలో వెళ్లండి.

ముందు అసలు సంగతి. క్లౌడ్ గేమింగ్‌లో ఆట మీ యంత్రంలో నడవదు. ఎక్కడో డేటా సెంటర్‌లో నడుస్తుంది, అక్కడి నుంచి మీకు వచ్చేది వీడియో మాత్రమే. మీరు నొక్కిన బటన్ అక్కడికి పోవాలి, దాని ఫలితంగా మారిన బొమ్మ వెనక్కి రావాలి. అందుకే గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లోనూ పెద్ద ఆటలు ఆడొచ్చు. అందుకే ఇక్కడ స్పీడు కన్నా ఆలస్యం పెద్ద శత్రువు.

ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో చెబితే ఎవరికీ ఒంటికి పట్టదు, క్రికెట్‌లో చెబుతాను. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి సెకనుకు దాదాపు 39 మీటర్లు పోతుంది. అంటే 100 మిల్లీసెకన్లలో నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ. మీ కంటికి బంతి 100 మిల్లీసెకన్లు ఆలస్యంగా కనబడితే, అది పిచ్ మీద పడిందని మీరు అనుకునేసరికి దాదాపు నాలుగు మీటర్లు ముందుకొచ్చి మీ బ్యాటుకు చేరువలో ఉంటుంది. ఇదే ఆలస్యం చదరంగంలో ఉంటే మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి "నా నెట్‌కు క్లౌడ్ గేమింగ్ పనికొస్తుందా" అని అడిగేముందు "నేను ఆడే ఆట ఏది" అని అడగాలి.

మన దేశంలో ఈ పని చాలాకాలం కబుర్లకే పరిమితమైంది. గూగుల్ వారి స్టేడియా 2019 నవంబర్‌లో విదేశాల్లో మొదలై, భారత్‌కు రాకుండానే 2023 జనవరి 18న మూతపడింది. మైక్రోసాఫ్ట్ తన ఎక్స్‌బాక్స్ క్లౌడ్ గేమింగ్‌ను 2025 నవంబర్‌లో ఇక్కడ తెరిచింది. మా వాడు వాడుతున్నది అదే, అందుకే ఉదాహరణలన్నీ దాని నుంచే ఇస్తాను. వేరే సేవ వాడినా జబ్బులు ఇవే, మందులూ ఇవే.

పెట్టుకోవడం తేలిక. గేమ్ పాస్ చందా ఉన్న ఖాతాతో ఎడ్జ్ లేదా క్రోమ్ బ్రౌజర్‌లో xbox.com/play తెరవాలి, కంట్రోలర్ కలపాలి, ఆట ఎంచుకోవాలి. డౌన్‌లోడ్ ఏమీ లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లోనూ బ్రౌజర్ చాలు. ఐఫోన్‌లో అయితే సఫారీలో తెరిచి హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటే యాప్ లాగే తెరుచుకుంటుంది. కొన్ని ఆటలకు తెర మీదే బటన్లు వస్తాయి. బొటనవేళ్లు సగం బొమ్మను కప్పేస్తాయి గనక అది పదినిమిషాల ముచ్చటే. ఇక్కడిదాకా అందరూ వస్తారు. చిక్కంతా దీని తరవాతే.

మొదట స్పీడు లెక్క తేల్చేసి పక్కన పెడదాం. ఈ సేవకు 20 ఎంబీపీఎస్ ఉంటే చాలు. చిన్న ఫోన్ తెర మీద 10 ఉన్నా నడుస్తుంది. మావాడి 92లో నాలుగోవంతు కూడా వాడుకోదు. స్పీడ్ టెస్టు చెప్పేది పైపు ఎంత లావుందన్నదే, నీళ్లు ఆగకుండా వస్తున్నాయా అన్నది కాదు. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారితే తడబాటు పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నేను అలా మారి చూసినవాణ్నే.

డేటా ఖర్చు మాత్రం లెక్క కట్టుకోవాలి. 20 ఎంబీపీఎస్ అంటే నిమిషానికి 150 ఎంబీ, గంటకు 9 జీబీ. రోజుకు రెండు గంటలు ఆడితే నెలకు 540 జీబీ. ఇళ్లకిచ్చే ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకు 3300 జీబీ పరిమితి ఉంటుంది కాబట్టి ఇంట్లో భయం లేదు. అదే రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ రీఛార్జి మీద 10 ఎంబీపీఎస్‌తో ఆడితే ఇరవై నిమిషాలకు డేటా ఖాళీ. హాస్టల్ పిల్లలు ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఆట మధ్యలో వేగం పడిపోతే నెట్‌ను తిట్టుకుని లాభం లేదు, అయిపోయింది రోజు కోటా.

ఇక ఆలస్యం. అది మూడు చోట్ల దాక్కుంటుంది. లాప్‌టాప్ నుంచి రూటర్ దాకా ఒకటి, రూటర్ నుంచి డేటా సెంటర్ దాకా రెండోది, మీ చేతికీ చెవికీ యంత్రానికీ మధ్య మూడోది. మూడింటినీ కలిపి "ల్యాగ్" అనేస్తాం కాబట్టే ఎంత వెతికినా దొరకదు. విడివిడిగా కొలిస్తే పది నిమిషాల పని.

మొదటిది ఇంట్లోనే కొలవొచ్చు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig అని కొడితే Default Gateway అన్న చోట రూటర్ చిరునామా కనబడుతుంది. దాన్ని వందసార్లు పిలవండి. ఇక్కడ రాసిన చిరునామా బదులు మీది పెట్టాలి.

```
ping -n 100 192.168.1.1
```

వంద సెకన్లకు పైగా పడుతుంది, ఈలోపు టీ తాగొచ్చు. చివర Minimum, Maximum, Average అని మూడు అంకెలు వస్తాయి. అందరూ చూసేది సగటును. మనం చూడాల్సింది Maximum. మావాడికి సగటు 18 వచ్చింది, బ్రహ్మాండం అనుకున్నాడు. Maximum 214. అంటే పక్క గదిలో ఉన్న రూటర్ దాకా పోయి రావడానికే అప్పుడప్పుడు సెకనులో అయిదో వంతు పడుతోంది. ఆ వందలో ఏడెనిమిది సార్లు ఇలా ఎగిరింది. కారు గోడకు గుద్దింది ఆ ఏడెనిమిదిలోనే. మిగతా తొంభై రెండు సార్లు బాగుండటం వల్ల గుద్దుకున్న కారు తిరిగి లేవదు కదా.

ఫోన్లో బాగున్న వైఫై లాప్‌టాప్‌లో ఇలా ఎందుకుంది? ఇంకో కమాండ్.

```
netsh wlan show drivers
```

దీంట్లో Radio types supported అన్న వరస చూడండి. అక్కడ 802.11b, 802.11g, 802.11n మాత్రమే ఉండి, 802.11a గానీ 802.11ac గానీ లేకపోతే మీ లాప్‌టాప్‌కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే వస్తుంది, 5 గిగాహెర్ట్జ్ కనబడదు. పాత చవక లాప్‌టాప్‌లలో ఇది మామూలే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ల రూటర్లూ, బ్లూటూత్ వస్తువులూ, ఆఖరుకు మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 మీదే అరుస్తుంటాయి. మావాడి ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంది. అందుకే దాంట్లో తొంభై రెండు, దీంట్లో ఏడుపు.

మందు వైరు. పది మీటర్ల లాన్ వైరు తెచ్చి రూటర్ నుంచి గోడ అంచున తీసుకొచ్చి లాప్‌టాప్‌కు గుచ్చాం. పల్చటి లాప్‌టాప్‌లకు లాన్ సాకెట్ ఉండదు. అప్పుడు యూఎస్‌బీ నుంచి లాన్‌కు మార్చే చిన్న అడాప్టర్ కావాలి. సాకెట్ పాతదై 100 ఎంబీపీఎస్ మాత్రమే ఇచ్చినా ఫర్వాలేదు, మనకు కావలసింది 20. మళ్లీ పింగ్ చేస్తే Maximum 1 వచ్చింది. మా అక్క మాత్రం "ఇల్లంత వైర్లు జేస్తిరి" అని గొణిగింది. ఆ గొణుగుడుకు మాత్రం మందు లేదు.

వైరు లాగడం కుదరని చోట, 5 గిగాహెర్ట్జ్ పట్టే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పెట్టండి, రూటర్ ఉన్న గదిలోనే కూర్చోండి. 5 గిగాహెర్ట్జ్‌కు గోడ దాటడం కష్టం. పాతకాలం మందపాటి గోడల ఇంట్లో రెండు గోడల అవతల కూర్చుంటే అది 2.4 కన్నా అన్యాయంగా ఉంటుంది. ఫోన్ డేటాతో లాప్‌టాప్‌లో ఆడేవాళ్లు హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ వైరుతో టెథరింగ్ చేయండి, మధ్యలో ఒక వైఫై తగ్గుతుంది. ఫోన్లోనే ఆడేవాళ్లు లొకేషన్ సెట్టింగ్స్‌లో ఉండే వైఫై స్కానింగ్‌ను ఆపేయండి. అది అప్పుడప్పుడు చుట్టుపక్కల రూటర్లను వెతుకుతుంది, వెతికినప్పుడల్లా ఆట ఒక క్షణం గుటక మింగుతుంది. తడబాటు గడియారం కొట్టినట్టు ఒకే వ్యవధిలో వస్తుంటే మొదట దీన్నే అనుమానించాలి.

రెండో చోటు రూటర్ అవతల. ఇక్కడ భూగోళానికి తలవంచాల్సిందే. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి వంద కిలోమీటర్ల దూరానికి రానుపోను ఒక మిల్లీసెకను. వరంగల్ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు, ఒకటిన్నర మిల్లీసెకను. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ కేంద్రాలున్న పూణె, ముంబై, చెన్నై వైపు వెళితే కేబుల్ దారి వెయ్యి కిలోమీటర్లు అనుకున్నా పది. కానీ వెలుగుకు పట్టే సమయం ఇందులో చిన్న ముక్క. మన ఆపరేటర్ ట్రాఫిక్‌ను ఏ ఊరి మీదుగా తిప్పుతాడు, ఎన్ని రూటర్లు దాటిస్తాడు అన్నదే పెద్ద ముక్క. అక్కావాళ్ల ఇంట్లో అది 30 దగ్గర నిలబడింది. 40 లోపు ఉంటే నిశ్చింతగా ఆడుకోవచ్చు, 80 దాటితే వేగమైన ఆటల మీద ఆశ వదులుకోండి. ఇది మనం మార్చగలిగేది కాదు. మార్చగలిగేది ఆపరేటర్‌ను. కొత్త కనెక్షన్ తీసుకునేముందు పక్కింటివాళ్ల నెట్ మీద రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కొలిచి చూడండి. పొద్దున పదింటికి అందరి నెట్టూ మంచిదే.

30 దగ్గర నిలబడింది అన్నాను గానీ, ఆ రాత్రి ఎనిమిదిన్నరకు అది 160కి పోయింది. ఇది చాలామందికి తెలియని జబ్బు, అందుకే కొంచెం నిదానంగా చెబుతాను. బయటి దారిని ఇలా కొలుస్తూ ఉండగా,

```
ping -t 8.8.8.8
```

అంకెలు 30, 31, 30 అని నడుస్తూ ఉన్నట్టుండి 140, 160, 155 అయి, అక్కడే రెండు నిమిషాలు కూర్చున్నాయి. వైరు మీద ఉన్నాం, రూటర్ పింగ్ 1 దగ్గరే ఉంది. మరి ఏమైంది? మా అక్క పెళ్లి నుంచి వచ్చి ఫోన్‌ను వైఫైకి కలిపింది. నాలుగు వందల ఫోటోలు, పద్దెనిమిది వీడియోలు ఒక్కసారిగా బ్యాకప్ మొదలెట్టాయి. అప్‌లోడ్ దారి నిండిపోయినప్పుడు రూటర్ ప్యాకెట్లను పారేయదు, తనలో వరస కట్టి నిలబెడుతుంది. మావాడి బ్రేక్ బటన్ ఆ వరసలో పెళ్లి వీడియోల వెనకాల నిలబడింది. సమ్మక్క సారలమ్మ జాతరకు పోయే దారిలో అంబులెన్స్ చిక్కుకున్నట్టు. రోడ్డు వెడల్పుదే, అది నిండిపోయింది.

దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. గుర్తు పట్టడం సులువు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆట బాగుండి, అందరూ ఇంటికొచ్చాక పాడవుతుంటే ఇదే. తేల్చుకోవాలంటే ఒకవైపు పింగ్ నడుస్తుండగా ఇంకో ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించండి. అంకె రెండింతలు, మూడింతలు అయితే జబ్బు ఖాయం. సరైన మందు రూటర్‌లో ఎస్‌క్యూఎం అనే ఏర్పాటు. అది వరసలో చిన్న ప్యాకెట్లను ముందుకు పంపుతుంది. ఆపరేటర్లు ఉచితంగా ఇచ్చే పెట్టెల్లో సాధారణంగా అది ఉండదు. సొంత రూటర్ కొని పెట్టుకునే ఓపిక ఉంటే అప్‌లోడ్, డౌన్‌లోడ్ పరిమితులను అసలు వేగంలో 90 శాతం దగ్గర కట్టేయండి. పదిశాతం వేగం పోతుంది, వరస రూటర్ చేతికి వస్తుంది. అంత లేకపోతే మేం చేసింది చేయండి. అక్క ఫోన్లో బ్యాకప్‌ను ఆపి, పడుకునే ముందు ఆమే నొక్కేలా మాట్లాడుకున్నాం. బదులుగా మావాడు పొద్దున పాల ప్యాకెట్ తెస్తాడు.

మూడో చోటుకు వద్దాం, చేతి దగ్గరకు. కంట్రోలర్ ల్యాగ్ అని జనం అనేదాంట్లో సగం కంట్రోలర్ తప్పు కాదు. బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది, పైగా లాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ సాధారణంగా ఒకే చిప్పు మీద కూర్చుని గాలిని పంచుకుంటాయి. 2.4 వైఫై మీద వీడియో కుమ్మరించుకుంటూ, అదే గాలిలో కంట్రోలర్ బటన్లు, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పాట కూడా పోతుంటే ఎవరో ఒకరు ఆగాలి. కాబట్టి వైఫైని 5కి మార్చడమో వైరు పెట్టడమో చేస్తే కంట్రోలర్‌ను ముట్టుకోకుండానే అది బాగుపడొచ్చు. ముందు అది చేయండి, తరవాతే కొత్త కంట్రోలర్ ఆలోచన.

అప్పటికీ తేడా ఉంటే యూఎస్‌బీ వైరుతో కలపండి. ఫోన్‌కైతే ఓటీజీ ద్వారా. ఛార్జింగ్ వైర్లలో కొన్నింటిలో డేటా తీగలే ఉండవు. కంట్రోలర్ వెలుగుతుంది గానీ ఆట దాన్ని గుర్తించదు. అలాంటప్పుడు వైరు మార్చి చూడాలి, కంట్రోలర్ చెడిపోయిందని అంగడికి పరుగెత్తకూడదు. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ అయితే విండోస్‌లో Xbox Accessories యాప్ పెట్టి ఫర్మ్‌వేర్ నవీకరించండి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ సంగతి విడిగా చెప్పాలి. వాటిలో శబ్దం 150, 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం మామూలు. తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది. బొమ్మ సరిగ్గా ఉన్నా మెదడు చెవినే నమ్మి "ఆట ఆలస్యం" అంటుంది. మావాడు పది రోజులుగా తిట్టుకున్నదాంట్లో కొంత ఇదేనని, మూలకు పడి ఉన్న వైరు ఇయర్‌ఫోన్ పెట్టగానే తేలింది. మొహం మీద నవ్వొచ్చింది మొదటిసారి అప్పుడే. ఫోన్ బొమ్మను టీవీకి గాలిలో పంపే స్క్రీన్ మిర్రరింగ్ కూడా ఇదే బాపతు. టీవీ మీద ఆడాలంటే హెచ్‌డీఎంఐ వైరు, టీవీలో గేమ్ మోడ్.

ఇన్ని చేశాక కూడా బొమ్మ మధ్యమధ్య అతుకుతోంది. నెట్ బాగుంది, చెయ్యి బాగుంది. మిగిలింది లాప్‌టాప్. వీడియోను విప్పే పని గ్రాఫిక్స్ భాగం చేయాలి. అది చేయకపోతే ప్రాసెసర్ మీద పడుతుంది, ఫ్యాను విమానంలా మోగుతుంది. దీన్ని కళ్లారా చూడాలంటే ఆట నడుస్తుండగా ఇంకో ట్యాబులో ఇది తెరవండి.

```
chrome://webrtc-internals
```

ఎడ్జ్‌లో అయితే మొదటి పదం బదులు edge అని రాయాలి. పేజీ నిండా అంకెలే, కంగారు పడకండి. inbound-rtp అని ఉన్న వరసల్లో వీడియోది విప్పి మూడు చూడండి. packetsLost పెరుగుతుంటే దోషం దారిలో ఉంది. అది నిలకడగా ఉండి framesDropped పెరుగుతుంటే దోషం మీ యంత్రంలో. powerEfficientDecoder దగ్గర false ఉంటే గ్రాఫిక్స్ భాగం నిద్రపోతోంది. మావాడికి సరిగ్గా అదే ఉంది. ఎప్పుడో ఎవరో చెబితే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో System కింద Use graphics acceleration when available అన్నదాన్ని ఆపేశాడట. దాన్ని తిరిగి పెట్టి, బ్రౌజర్ మూసి తెరిస్తే true అయింది, ఫ్యాను నోరు మూసుకుంది. అప్పటికీ false అనే చెబితే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదై ఉంటుంది. లాప్‌టాప్ తయారీదారు సైటు నుంచి కొత్తది పెట్టాలి. ఛార్జర్ పెట్టి ఆడండి, బ్యాటరీ మీద ఇవన్నీ తమను తాము కుదించుకుంటాయి. ఫోన్‌కూ అంతే, బ్యాటరీ సేవర్ ఆపాలి, వేడెక్కితే కాసేపు ఆపి చల్లారనివ్వాలి.

రాత్రి పదికి మళ్లీ కూర్చున్నాడు. కారు మలుపులో బ్రేక్ నొక్కితే మలుపులోనే పడింది. గంటసేపు రేసులు ఆడాడు. తరవాత కుస్తీ ఆట ఒకటి తెరిచాడు, అందులో ఎదుటివాడి దెబ్బను కాచుకోవడానికి కొన్ని ఫ్రేములే సమయం ఉంటుంది. ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. దారికే 30, పైన వీడియో కట్టడానికీ విప్పడానికీ తెర మీద వేయడానికీ మరికొంత. నాలుగైదు ఫ్రేములు అక్కడే పోయాయి. వరసగా ఆరుసార్లు ఓడాడు.

"ఇది గూడ సక్కగైతదా మామా?"

"కాదురా. దీనికి సర్వర్ మన ఊళ్లోకి రావాలె" అన్నాను. కంట్రోలర్ పక్కన పెట్టి, వైరును కాలికి తగలకుండా బల్ల కింద టేపుతో అంటించడం మొదలుపెట్టాడు.